ఒక ఫోటో, మూడు చొక్కాలు: బ్రౌజర్‌లోనే రంగు మార్చడం

నమస్కారం. ఈరోజు వీడియోలో ఒకే పని చేస్తాం. ఫోటోలో మనిషి వేసుకున్న చొక్కా రంగు మారుస్తాం. సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. బ్రౌజర్ తెరిచి photopea.com అని కొట్టండి, చాలు. 2013లో ఇవాన్ కుత్స్కిర్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఎడిటర్ ఇది. కుడిపక్కన ప్రకటనలు కనిపిస్తాయి, డబ్బు మాత్రం అడగదు. మీరు తెరిచిన ఫోటో ఎక్కడికీ అప్‌లోడ్ కాదు, మీ కంప్యూటర్‌లోనే ఉండి మీ బ్రౌజర్‌లోనే పని జరుగుతుంది. ఇంట్లోవాళ్ళ ఫోటోలతో పని చేస్తాం కాబట్టి ఈ సంగతి ముందే చెబుతున్నాను. దీనికి రెండో వైపు కూడా ఉంది. పొరపాటున ట్యాబ్ మూసేస్తే, అప్పటిదాకా చేసింది ఇంకెక్కడా దొరకదు.

ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది కానీ, కాలర్ అంచు వేలితో దిద్దాలంటే చాలా కష్టం. మౌస్ ఉన్న కంప్యూటర్ దగ్గర కూర్చోండి.

(తెర మీద గృహప్రవేశం ఫోటో)

ఇదిగో ఫోటో. మా పిన్నివాళ్ళ గృహప్రవేశం నాటిది. గుమ్మానికి మామిడి తోరణం, దాని కింద నలుగురు. పిన్ని మెరూన్ పట్టుచీరలో ఉంది. పక్కన బాబాయి లేత నీలం చొక్కా. ఇటు తాతయ్య, ఎప్పటిలాగే తెల్ల చొక్కా, జేబులో పెన్ను. ఆ చివర మా తమ్ముడు, నల్ల టీషర్టు. శుభకార్యానికి నల్లదేమిట్రా అని ఆ రోజు పొద్దున్నే పిన్ని చేత తిట్లు తిన్నాడు, అయినా మార్చుకోలేదు. ఇప్పుడు ఈ ఫోటో ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాలట. ముగ్గురి చొక్కాలూ తన చీర రంగులోకి రావాలని పిన్ని అడిగింది.

ఈ ఫోటోనే ఎందుకు తీసుకున్నానంటే, నీలం, తెలుపు, నలుపు మూడూ ఇందులోనే ఉన్నాయి. చూడ్డానికి మూడూ ఒకే పనిలా ఉంటాయి. కానీ నీలం చొక్కాకి పనిచేసే పద్ధతి తెల్లదాని మీద ఏమీ చేయదు. తెల్లదానికి పనికొచ్చేది నల్లదాని మీద పనిచేయదు. చాలా వీడియోల్లో ఎర్ర టీషర్టు ఒకటి తీసుకుని, స్లైడర్ అటూ ఇటూ లాగి, అయిపోయింది అంటారు. చూసినవాళ్ళు ఇంటికెళ్ళి తెల్ల చొక్కా మీద అదే లాగితే ఏమీ మారదు. తప్పు వాళ్ళది కాదు.

ముందు ఫోటో గురించి ఒక మాట. మెసేజింగ్ యాప్‌లో మామూలు ఫోటోగా వచ్చినది తీసుకోకండి. పంపేటప్పుడే అది కుదించుకుపోతుంది. JPGలో వెలుగునీడల కంటే రంగుల వివరం తక్కువ ఉంటుంది. అందుకే బాగా కుదించిన ఫోటోలో చొక్కా నీలం అంచు దాటి మెడ మీదకీ, వెనక గోడ మీదకీ కాస్త పాకి ఉంటుంది. రంగు మార్చాక ఆ పాకిన నీలమే చుట్టూ గీతలా బయటపడుతుంది. తీసినవాళ్ళని అసలు ఫైలు డాక్యుమెంట్‌గా పంపమనండి.

సరే, File మెనూలో Open. ఫోటో తెరుచుకుంది. ఎడమవైపు పనిముట్లు, కుడివైపు లేయర్లు.

మొదట బాబాయి.

చొక్కా ఎంతవరకు ఉందో ఎడిటర్‌కి చూపించాలి. కీబోర్డు మీద W నొక్కండి. ఎడమవైపు ఆ బొమ్మ మీద మౌస్ నొక్కి పట్టుకుంటే మూడు పనిముట్లు కనిపిస్తాయి, వాటిలో Quick Selection తీసుకోండి. దాంతో చొక్కా మీద రంగు పూసినట్టు లాగుతూ వెళ్ళండి. చీమల బారులాంటి గీత చొక్కా చుట్టూ పరుచుకుంటుంది. చొక్కా దాటి చేతి మీదకి పోతే, Alt నొక్కి పట్టుకుని ఆ చోట రుద్దండి, వెనక్కి వస్తుంది. ఏదైనా మిగిలిపోతే Shift పట్టుకుని రుద్దితే కలుస్తుంది. బ్రష్ చిన్నది చేయడానికి ఎడమ చదరపు బ్రాకెట్ కీ, పెద్దది చేయడానికి కుడిది. చంక కింద నీడ ఉన్నచోట ఇది బాగా తడబడుతుంది. అక్కడ నూటికి నూరు శాతం రావాలని ఇప్పుడే కుస్తీ పట్టకండి, తర్వాత దిద్దుకోవచ్చు.

ఇప్పుడు పైన Layer, అందులో New Adjustment Layer, అందులో Hue/Saturation.

Image మెనూలో Adjustments కింద కూడా ఇదే పేరు కనిపిస్తుంది. అది తీసుకోవద్దు. అది అసలు ఫోటోనే మార్చేస్తుంది. నేను కొత్తలో ఒక పెళ్ళి ఫోటో అలాగే మార్చి, సేవ్ చేసి, ట్యాబ్ మూసేశాను. రెండో రోజు చూసుకుంటే పెళ్ళికొడుకు మణికట్టు కూడా ఆకుపచ్చ. వెనక్కి వెళ్ళే దారి లేక మళ్ళీ మొదటి నుంచి చేశాను. అడ్జస్ట్‌మెంట్ లేయర్ అయితే ఫోటో పైన పలచటి రంగు కాగితం పరిచినట్టు. కింద ఫోటో చెక్కు చెదరదు. పైగా మనం చేసిన సెలక్షన్ దానికి మాస్క్‌గా అతుక్కుంది చూడండి, లేయర్ పక్కన చిన్న నలుపు తెలుపు బొమ్మ. తెల్లగా ఉన్నచోట మార్పు కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట కనిపించదు.

మాస్క్ లేకపోతే ఏమవుతుందో ఒకసారి చూపిస్తాను. Shift పట్టుకుని మాస్క్ బొమ్మ మీద నొక్కితే అది తాత్కాలికంగా ఆగిపోతుంది. Hue స్లైడర్ కుడివైపు 130 దాకా లాగుతున్నాను. చూశారా? పిన్ని మెరూన్ చీర ఆకుపచ్చ అయింది, మామిడాకులు నీలం అయ్యాయి, నలుగురి మొహాలూ పచ్చటి ఆకు రంగు. మాస్క్ మళ్ళీ పెట్టేద్దాం.

130 అని ఎందుకు లాగానో చెబుతాను. చాలామంది ఈ స్లైడర్‌ని కంటితో లాగుతూ పోతారు. దాన్ని లెక్కతో చేయవచ్చు. ఎడిటర్ లెక్కలో రంగులన్నీ ఒక గుండ్రటి చక్రం మీద ఉంటాయి. ఎరుపు 0 దగ్గర, పసుపు 60, ఆకుపచ్చ 120, నీలం 240, తిరిగి 360కి వస్తే ఎరుపే. కీబోర్డు మీద I నొక్కితే రంగు పీల్చే పనిముట్టు వస్తుంది. బాబాయి చొక్కా మీద, మరీ వెలుగూ మరీ నీడా కాని చోట నొక్కండి. ఎడమవైపు కింద రంగు గడి మీద నొక్కితే అంకెలు కనిపిస్తాయి. H అన్నది చక్రం మీద స్థానం. మన చొక్కాకి 218 వచ్చింది. పిన్ని చీర మీద నొక్కితే 348. తేడా 130. అంతే, Hue గడిలో 130. ఈ తేడా 180 దాటితే అందులోంచి 360 తీసేయండి, అటువైపు తిరగడం కంటే ఇటువైపు దగ్గర. ఒక్క జాగ్రత్త: లేయర్ పెట్టకముందే, లేదా దాని పక్కన కన్ను బొమ్మ ఆపేసి ఈ అంకెలు తీసుకోండి. లేకపోతే మారిన రంగు కొలుస్తారు.

ఇప్పుడు చొక్కా చూడండి. మెరూన్ వచ్చిందా? రాలేదు. గులాబీ రంగు వచ్చింది. బాబాయి చూస్తే ఊరుకోడు.

లెక్క తప్పలేదు. లేత నీలానికి చక్రం మీద స్థానం మార్చితే లేత ఎరుపే వస్తుంది, లేత ఎరుపంటే గులాబీయే కదా. ఎడిటర్ ప్రతి రంగునీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలుగా రాసుకుంటుంది, ఒక్కోటీ 0 నుంచి 255 దాకా, ఎక్కువైతే వెలుగు ఎక్కువ. మనం పీల్చిన చోట ఎరుపు 90, ఆకుపచ్చ 130, నీలం 200 ఉన్నాయి. Hue మార్చాక అవి 200, 90, 112 అయ్యాయి. ఎంత వెలుగు ఉండేదో అంతే ఉంది, రంగు పేరు ఒక్కటే మారింది. మెరూన్ అంటే రంగు ఒక్కటే కాదు, ఆ రంగు ముదురుగా ఉండడం కూడా.

ఇక్కడ అందరి చెయ్యీ కింద ఉన్న Lightness స్లైడర్ మీదకి పోతుంది. లాగి చూద్దాం, మైనస్ 40. ఏమైంది? చొక్కా ముదిరింది కానీ దుమ్ము పట్టిన ఇటుక రంగులా ఉంది. భుజం మీద వెలుగు, చేతి మడత దగ్గర నీడ, అన్నీ ఒకే లెక్కన కిందకి దిగాయి. మెరుపు పోయింది. మళ్ళీ సున్నాకి తెచ్చేయండి. ఈ స్లైడర్‌ని నేను దాదాపు ముట్టుకోను.

దానికి బదులు, Ctrl పట్టుకుని ఆ మాస్క్ బొమ్మ మీద నొక్కండి. చీమల బారు మళ్ళీ వచ్చింది. ఇప్పుడు Layer, New Adjustment Layer, ఈసారి Levels. దానికి కూడా అదే మాస్క్ వచ్చేసింది. అందులో కొండలా ఒక బొమ్మ, దాని కింద మూడు పిడులు ఉంటాయి. ఎడమది నీడలది, కుడిది వెలుగులది, నడిమిది మధ్య ఛాయలది. నడిమిది 1 దగ్గర ఉంటుంది. దాన్ని మెల్లగా కుడివైపు జరపండి. 0.8, 0.6… చూస్తున్నారా, గులాబీ కాస్తా కుంకుమ ఎరుపులోకి దిగుతోంది. 0.45 దగ్గర ఆపుతున్నాను. ఇదీ మెరూన్. పిన్ని చీర పక్కన పెట్టి చూస్తే చాలా దగ్గరగా ఉంది.

Saturation ముట్టుకోలేదని గమనించారా? అయినా రంగు చిక్కబడింది. ఎందుకంటే నడిమి పిడి మధ్యలో ఉన్న అంకెల్ని ఎక్కువగా, పైన ఉన్నవాటిని తక్కువగా తగ్గిస్తుంది. మన 200 కాస్తా 149 అయింది, 90 మాత్రం 25కి పడిపోయింది, 112 కూడా 41 అయింది. ఎరుపుకీ మిగతా రెంటికీ మధ్య పోలిక పెరిగింది కాబట్టి రంగు ముదురుగా, నిండుగా కనిపిస్తుంది. భుజం మీద వెలుగు మాత్రం దాదాపు అలాగే నిలిచింది. 0.45 అనే అంకె రాసిపెట్టుకోకండి. అది ఈ చొక్కాకి, ఈ వెలుతురుకి. మీ ఫోటోలో 0.7 చాలవచ్చు.

ఇక అంచులు. 200 శాతం దాకా దగ్గరకి తీసుకెళ్ళండి. Alt పట్టుకుని మాస్క్ బొమ్మ మీద నొక్కితే మాస్క్ ఒక్కటే తెర నిండా కనిపిస్తుంది. తెలుపు మధ్యలో నల్ల చుక్కలు, నలుపులో తెల్ల మరకలు ఉంటే ఇక్కడ ఇట్టే తెలిసిపోతాయి. అవి సెలక్షన్ తడబడిన చోట్లు. మళ్ళీ అలాగే నొక్కి ఫోటోకి రండి. B నొక్కితే బ్రష్. D నొక్కితే తెలుపు నలుపు రంగులు సిద్ధం, X నొక్కితే ఒకదాని స్థానంలోకి ఇంకోటి వస్తుంది. మాస్క్ మీద ఒకసారి నొక్కి, చేతి మీద పడిన రంగుని నల్లటి బ్రష్‌తో తుడవండి, చంక కింద మిగిలిన నీలాన్ని తెల్లటి బ్రష్‌తో నింపండి. మన లేయర్లు రెండు, మాస్కులూ రెండు. రెంటిలోనూ దిద్దాలి. అందుకే ఇంకో సలహా: Hue లేయర్ మాస్క్ పూర్తిగా దిద్దుకున్నాకే, Ctrl నొక్కి Levels లేయర్ చేసుకోండి. నేను ఇక్కడ చూపించడం కోసం తిరగేసి చేశాను.

కాలర్ అంచు కత్తెరతో కోసినట్టు పదునుగా కనిపిస్తే, మాస్క్ మీద ఉండగానే Filter, Blur, Gaussian Blur, ఒక పిక్సెల్ లోపు. అంతకంటే ఎక్కువ ఇస్తే మెడ చుట్టూ ఎర్రటి ఆవిరిలా కనిపిస్తుంది.

అన్నీ సరిగ్గా చేసినా ఏదో తేడాగా ఉంది కదా? గడ్డం కిందకి చూడండి. నీలం ఛాయ. నీలం చొక్కా మీద పడ్డ వెలుతురు తిరిగి గడ్డం కిందకి, మెడ మీదకి తగిలింది. చొక్కా మారినా ఆ నీలం అక్కడే ఉండిపోయింది. చూసేవాళ్ళు దాన్ని చెప్పలేరు గానీ, ఫోటో అతికించినట్టు ఉందని మాత్రం అంటారు. పైన ఒక కొత్త ఖాళీ లేయర్ వేసి, దాని బ్లెండ్ మోడ్, అంటే అది కింది లేయర్లతో కలిసే తీరు, Normal నుంచి Color చేయండి. బుగ్గ కింద మామూలు చర్మం రంగు పీల్చి, మెత్తటి అంచు ఉన్న బ్రష్, ఒపాసిటీ 20 శాతం, గడ్డం కింద రెండుసార్లు అలా తాకించండి. Color మోడ్‌లో వెలుగునీడలు కిందవే ఉంటాయి, రంగు మాత్రం మనది. నీలం పోయింది.

బాబాయి అయ్యాడు. తాతయ్య దగ్గరకి వెళ్దాం.

తాతయ్య చొక్కాని అలాగే సెలెక్ట్ చేసుకోండి. పెన్ను జేబు మీద ఉంది, దాన్ని Alt పట్టుకుని తీసేయండి. పెన్నుకున్న బంగారు రంగు క్లిప్పు కూడా మెరూన్ అయితే తాతయ్యే పట్టేస్తాడు. గుండీలు తెల్లగా ఉంచాలో మార్చాలో మీ ఇష్టం. నిజం చొక్కాల్లో మెరూన్ మీద తెల్ల గుండీలు మామూలే, నేను వదిలేస్తున్నాను.

ఇప్పుడు Hue/Saturation పెట్టి 130 లాగితే? ఏమీ లేదు. 180 దాకా లాగినా లేదు. తెలుపుకి చక్రం మీద స్థానమే లేదు మరి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సమానంగా ఉన్నప్పుడు తిప్పడానికి ఏముంటుంది? ఈ లేయర్ తీసేద్దాం.

తెల్ల చొక్కా విషయంలో మనం రంగు మార్చడం లేదు, రంగు వేస్తున్నాం. తెల్ల గుడ్డకి అద్దకం వేసినట్టు. సెలక్షన్ ఉండగానే Layer, New Fill Layer, Color Fill. రంగు గడిలో ఇలా కొట్టండి:

```
#8C1F3A
```

చొక్కా ఆకారంలో మెరూన్ కాగితం అతికించినట్టు వచ్చింది, ఒక్క ముడత కూడా లేదు. కంగారు పడకండి. లేయర్ల పైన Normal అని ఉన్నచోట Multiply ఎంచుకోండి. ముడతలు తిరిగొచ్చాయి.

Multiply అంటే పేరులో ఉన్నట్టే గుణకారం. కింది అంకెని పైఅంకెతో గుణించి 255తో భాగిస్తుంది. తాతయ్య చొక్కా వెలుగులో 240 ఉన్న చోట మన రంగులోని ఎరుపు 140తో గుణిస్తే 132 వస్తుంది. చేతి మడతలో 180 ఉన్న చోట 99. తెలుపులో ఉన్న నీడలన్నీ మెరూన్‌లో నీడలయ్యాయి. ఇంతకుముందు గడ్డం కింద వాడిన Color మోడ్ ఇక్కడ ఎందుకు కాదంటే, అది కింద ఉన్న వెలుగుని అలాగే ఉంచుతుంది. తెలుపు వెలుగు అలాగే ఉంటే పైన ఏ రంగు వేసినా తెలుపుకి దగ్గరగానే ఉంటుంది. మహా అయితే పాలిపోయిన గులాబీ.

మొదట నేను అచ్చమైన ముదురు ఎరుపు, అంటే ఎరుపు ఒక్కటే ఉండి ఆకుపచ్చ, నీలం సున్నా ఉన్న రంగు వేసేవాణ్ణి. చొక్కా ప్లాస్టిక్‌లా కనిపించేది. సున్నాతో ఏది గుణించినా సున్నాయే కదా, ఆ రెండు రంగుల్లో ఉన్న ముడతల వివరమంతా పోతుంది. అందుకే నేను ఇచ్చిన రంగులో ఎరుపు 140, ఆకుపచ్చ 31, నీలం 58. మూడింటిలోనూ ఎంతో కొంత ఉంది. బట్ట బట్టలా కనిపించాలంటే ఆ కాస్తా కావాలి.

ఇంకో తేడా చూడండి. 240కీ 180కీ మధ్య 60 తేడా ఉండేది. 132కీ 99కీ మధ్య 33కి తగ్గింది. ముడతలు ఉన్నాయి గానీ నీరసంగా ఉన్నాయి. దీనికి మందు అదే, Levels. కాకపోతే ఈసారి మెరూన్ లేయర్‌కి కింద, చొక్కా మాస్క్‌తోనే పెట్టి, ఎడమ పిడిని కాస్త కుడివైపు జరపండి. నీడలు బలపడ్డాయి.

దీనికి కూడా లొంగని తెల్ల చొక్కాలు ఉంటాయి. ఎండలో నిలబెట్టి తీసినవి. తాతయ్య ఎడమ భుజం మీద కాస్త అలాంటి చోటు ఉంది. I నొక్కి అక్కడ చూస్తే 255, 255, 255. అంటే కెమెరా అక్కడ ముడతలేవీ రాసుకోలేదు, ఉత్త తెలుపు ఒక్కటే ఉంది. అక్కడ మెరూన్ ఒక మచ్చలా చదునుగా వస్తుంది. లేని ముడతని ఏ స్లైడరూ పుట్టించలేదు. భుజం మీద అరంగుళం చోటు కాబట్టి ఇక్కడ వదిలేయవచ్చు. ఛాతీ అంతా 255 ఉంటే మాత్రం వేరే ఫోటో వెతుక్కోండి. పని మొదలుపెట్టే ముందే నాలుగు చోట్ల I నొక్కి ఇది చూసుకుంటే గంట మిగులుతుంది.

మిగిలింది తమ్ముడు. అన్నిటికంటే మొండిది వీడి టీషర్టే, వీడిలాగే.

నల్లదాని మీద Multiply వేస్తే ఇంకా నల్లబడుతుంది, అంతే. 30ని 140తో గుణించి 255తో భాగిస్తే 16. కాబట్టి ముందు నలుపుని బూడిద రంగు దాకా లేపాలి, అంటే దాన్ని తాతయ్య చొక్కా లాంటిదిగా చేయాలి, ఆ తర్వాత అద్దకం వేయాలి. సెలక్షన్ చేసుకోండి. జుట్టు, వెనక చీకటి గది నలుపులో కలిసిపోయి Quick Selection ఇక్కడ బాగా ఇబ్బంది పెడుతుంది, బ్రష్‌తో మాస్క్ దిద్దడానికి ఎక్కువ సమయం పెట్టుకోండి.

మొదటి లేయర్ Hue/Saturation, Saturation మైనస్ 100. నలుపులో దాక్కున్న రంగుల చుక్కలు పోవడానికి ఇది. ఫోన్ కెమెరా నీడలో తీసిన ఫోటోల్లో ఆకుపచ్చ, ఊదా చుక్కలు బోలెడు ఉంటాయి, ఇప్పుడు కనిపించకపోయినా లేపగానే కనిపిస్తాయి. దాని మీద Levels. ఈసారి కుడి పిడిని 255 నుంచి 90 దాకా ఎడమవైపు తీసుకురండి. 30 ఉన్న చోట 85, 60 ఉన్న చోట 170 అయింది. టీషర్టు బూడిద రంగులోకి వచ్చి, కుట్లూ ముడతలూ బయటపడ్డాయి. దాని పైన తాతయ్యకి వేసిన Color Fill, అదే రంగు, Multiply.

వచ్చింది. దగ్గరకి వెళ్ళి చూస్తే మాత్రం ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది. 90ని 255 చేయడమంటే ఉన్నదాన్నంతా దాదాపు మూడింతలు సాగదీయడం. ముడతలతో పాటు గరుకూ మూడింతలు అవుతుంది. ఫ్రేము కట్టించే సైజులో, కాస్త దూరం నుంచి చూస్తే ఇది కనిపించదు. ముదురు మెరూన్ కాబట్టి సరిపోయింది. ఇదే టీషర్టుని పసుపు చేయమంటే నేను చేయను. పసుపు ఎంతో వెలుగుగా ఉండే రంగు, దానికోసం ఇంకా రెండింతలు సాగదీయాలి, అప్పుడు బట్ట బదులు చుక్కలే మిగులుతాయి. నల్లదాన్ని మెరూన్, ముదురు ఆకుపచ్చ, నేవీ బ్లూ వరకే మార్చుకోండి.

మూడు చొక్కాలూ పక్కపక్కన పెట్టి ఒకసారి దూరం నుంచి చూడండి. మూడూ ఒకే థాన్‌లోంచి కోసినట్టు మరీ ఒకేలా ఉంటే, అది కూడా అనుమానమే. తాతయ్య వెలుతురులో ఉన్నాడు, తమ్ముడు గుమ్మం నీడలో. ఆ తేడా చొక్కాల్లోనూ ఉండాలి. నేను తమ్ముడిది కావాలనే కాస్త ముదురుగా వదిలేశాను.

ఇక దాచుకోవడం. File మెనూలో ముందు Save as PSD. లేయర్లన్నీ అందులో ఉంటాయి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి వస్తుంది. తర్వాత Export as, JPG, క్వాలిటీ 90 దగ్గర పెట్టండి. స్టూడియోకి ఇవ్వాల్సింది ఈ JPG.

PSD ఎందుకంటే, నేను ఇది పంపాక పిన్ని ఫోన్ చేసింది. అందరూ మెరూన్ అయితే తన చీర కనిపించడం లేదట. బాబాయిది ఆకుపచ్చ చేయగలవా అంది. PSD తెరిచి, Hue లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి, 130 తీసి మైనస్ 78 పెట్టాను. 218లోంచి 78 తీస్తే 140, ఆకుపచ్చ. అక్కడితో ఆపితే చొక్కా మరీ వెలిగిపోతుంది, ఎందుకంటే అదే మోతాదు ఆకుపచ్చ మన కంటికి ఎరుపు కంటే కాంతిగా కనిపిస్తుంది. Levels నడిమి పిడిని 0.45 నుంచి 0.35కి దించాను. మాస్క్ అలాగే ఉంది, గడ్డం కింద దిద్దినదీ అలాగే ఉంది. రెండు నిమిషాల్లో మళ్ళీ పంపాను.